రక్తం తిరిగొచ్చిన అయిదు నిమిషాలు

గుండెపోటు వచ్చిన మనిషిని క్యాథ్ ల్యాబ్ బల్ల మీద పడుకోబెడతారు. మణికట్టులోంచో తొడ దగ్గర నుంచో సన్నటి తీగ పంపి, మూసుకుపోయిన రక్తనాళంలో బెలూన్ ఉబ్బిస్తారు. అప్పటిదాకా తెర మీద విరిగిన కొమ్మలా సగంలో ఆగిపోయిన నాళంలోకి రంగుమందు చివరికంటా పారుతుంది. గదిలో అందరూ ఊపిరి పీల్చుకునే క్షణమది. చాలామంది రోగుల్లో సరిగ్గా అప్పుడే మానిటర్ మీద గుండె లయ తప్పుతుంది. వెడల్పాటి, వింత ఆకారపు గీతలు వరసగా కొన్ని పడి మళ్లీ సర్దుకుంటాయి. అనుభవమున్న కార్డియాలజిస్టు దానికి కంగారుపడడు. నాళం తెరుచుకుందనడానికి అదొక గుర్తు కూడా.

అయినా ఆలోచించాల్సిన విషయమే. గంటో రెండు గంటలో ఆక్సిజన్ లేకుండా తట్టుకున్న కండరం, తీరా ఆక్సిజన్ అందాక ఎందుకు తడబడుతోంది? లయ తప్పడం వెనక కాల్షియం గొడవ లాంటి కారణాలు కూడా ఉన్నాయి గానీ, అసలు దెబ్బ కంటికి కనిపించదు. జంతువుల మీద చేసిన ప్రయోగాల లెక్కలో, చివరికి చచ్చిపోయిన గుండె కండరంలో సగం దాకా రక్తం తిరిగొచ్చిన తర్వాతే చచ్చిపోయిందని అంచనా. అలాగని నాళం తెరవడం ఆలస్యం చేయాలని ఎవరూ అనుకోకూడదు. తెరవకపోతే ఆ కండరమంతా పోతుంది. తెరిచిన తర్వాత జరిగే నష్టం సంగతే ఇక్కడ చెప్పబోతున్నాను. దాని మూలం మైటోకాండ్రియాలో ఉంది.

మనం తిన్నదాంట్లోని శక్తి చివరికి ఎలక్ట్రాన్ల రూపంలో మైటోకాండ్రియా లోపలి పొర దగ్గరికి చేరుతుంది. ఆ పొరలో ప్రొటీన్ యంత్రాలు నాలుగు ఉంటాయి, వాటికి కాంప్లెక్స్ 1, 2, 3, 4 అని పేర్లు. ఒకటో యంత్రం దగ్గరా రెండో యంత్రం దగ్గరా ఎక్కిన ఎలక్ట్రాన్లను కోఎంజైమ్ క్యూ అనే చిన్న అణువు మోసుకెళ్లి మూడోదానికి ఇస్తుంది. అక్కడి నుంచి అవి నాలుగోదానికి చేరి ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. ఇలా మెట్టు మెట్టుగా దిగేటప్పుడు వచ్చే శక్తితో, రెండోది తప్ప మిగతా మూడు యంత్రాలూ ప్రోటాన్లను పొర అవతలికి తోడిపోస్తుంటాయి. తోడిన ప్రోటాన్లు, కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే ఏటీపీని తయారుచేసే టర్బైను గుండా తిరిగి లోపలికి దిగుతాయి. (ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు.) పొరకి రెండు పక్కలా ఉండే వోల్టేజీ తేడా 150 నుంచి 180 మిల్లీవోల్టులు. చెవిలో పెట్టుకునే మిషన్ బ్యాటరీతో పోల్చినా ఇది చాలా తక్కువే. కానీ ఆ పొర మందం దాదాపు 5 నానోమీటర్లు. మీటరు లెక్కకి మారిస్తే సుమారు 3 కోట్ల వోల్టులు. ఇంత ఒత్తిడి ఉన్న చోట ఎక్కడో ఒకచోట కారడం వింతేమీ కాదు.

కారడానికి ఆక్సిజన్ స్వభావం కూడా తోడవుతుంది. దాని దగ్గర జతలేని ఎలక్ట్రాన్లు రెండున్నాయి, రెండూ ఒకే వైపు తిరుగుతుంటాయి. అందువల్ల బయటి నుంచి ఒక జతను ఒకేసారి తీసుకోలేదు, ఒక్కొక్కటిగానే తీసుకోగలదు. నీరు కావాలంటే నాలుగు కావాలి. కాంప్లెక్స్ 4 ఈ సంగతి తెలిసినట్టే పనిచేస్తుంది. నాలుగూ అందేదాకా ఆక్సిజన్‌ని పట్టుకునే ఉంటుంది, మధ్యలో వదలదు. పై యంత్రాల్లో అలా పట్టుకునే ఏర్పాటు లేదు. కాంప్లెక్స్ 1లో ఎఫ్ఎంఎన్ అనే భాగం మీదో, కాంప్లెక్స్ 3లో క్యూ వచ్చి ఆగే గూటిలోనో ఎలక్ట్రాన్ కాసేపు నిలబడిపోతే, అటుగా వచ్చిన ఆక్సిజన్ దాన్ని ఒక్కదాన్నే లాక్కుని పోతుంది. ఆ ఒక్క ఎలక్ట్రాన్ ఎక్కిన ఆక్సిజనే సూపర్ఆక్సైడ్.

ఎంత కారుతుంది? పీల్చిన ఆక్సిజన్‌లో 1 నుంచి 2 శాతం ఇలా పోతుందని పాఠ్యపుస్తకాల్లోనూ, టానిక్కుల ప్రకటనల్లోనూ ఇప్పటికీ రాస్తున్నారు. 1970ల్లో పావురం గుండె, ఎలుక కాలేయం నుంచి మైటోకాండ్రియాను విడదీసి కొలిచిన కొలతల్లోంచి వచ్చిన అంకె అది. ఆ కొలతలు తప్పు కావు. కానీ అక్కడ మైటోకాండ్రియాకు కావలసినంత ఇంధనం పోశారు, గాలిలో ఉన్నంత ఆక్సిజన్ ఇచ్చారు, ఏటీపీ చేసే పని మాత్రం ఇవ్వలేదు. కణం లోపల ఆక్సిజన్ అందులో చిన్న వంతే ఉంటుంది, పని ఎప్పుడూ ఉంటుంది. కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడు, అంటే రోజుకి 360 లీటర్లు. 2 శాతం నిజమే అయితే రోజూ ఏడు లీటర్ల ఆక్సిజన్ సూపర్ఆక్సైడ్‌గా మారిపోతున్నట్టు లెక్క. ఒంట్లో నిజంగా జరిగేది అందులో పదో వంతో, ఇంకా తక్కువో అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. శాతం కన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది: ఈ కారడం స్థిరంగా ఉండదు. ఎలక్ట్రాన్లు నిండిపోయి, ముందుకు కదలక ఆగిపోయిన చోట అది అమాంతం పెరుగుతుంది. ఈ మాట గుండె దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

సూపర్ఆక్సైడ్ అంటే కనిపించినదాన్నల్లా కాల్చేసేదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పెద్దగా దేని జోలికీ పోదు. పైగా ఋణావేశం ఉండటం వల్ల పొర దాటి బయటికి పోవడం కష్టం, పుట్టిన చోటే తిరుగుతుంది. దానికి బాగా దొరికిపోయేవి ఇనుము, గంధకం కలిసి గూడు కట్టుకున్న కొన్ని ఎంజైములు. మైటోకాండ్రియా లోపలే ఉండే అకోనిటేజ్ అందులో మొదటిది. సూపర్ఆక్సైడ్ తగిలితే ఆ గూడు చెదిరి ఒక ఇనుప పరమాణువు ఊడి బయటపడుతుంది. ఎంజైము పనిచేయడం మానేస్తుంది, అది ఒక నష్టం. బయటపడ్డ ఇనుముకి, సూపర్ఆక్సైడ్ నుంచే తయారయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది, అది అంతకన్నా పెద్ద నష్టం. 1894లో హెన్రీ ఫెంటన్ చెప్పిన రసాయన చర్యే ఇక్కడా జరిగేది. హైడ్రాక్సిల్ బతికేది సెకనులో వంద కోట్ల వంతు మాత్రమే. ఆ కాస్తలోనే పక్కన డీఎన్ఏ ఉంటే డీఎన్ఏని, కొవ్వు ఉంటే కొవ్వుని కొరికేస్తుంది. దాన్ని ఆపే ఎంజైము ప్రకృతిలో లేదు, ఉన్నా అంత వేగంగా చేరలేదు. అందుకే కణం దాన్ని పట్టుకునే ప్రయత్నమే చేయదు. అది పుట్టకుండా చూసుకుంటుంది. ముందు సూపర్ఆక్సైడ్‌ని తీసేయాలి, తర్వాత పెరాక్సైడ్‌ని తీసేయాలి, ఇనుముని ఎప్పుడూ మూటగట్టి దాచాలి. రక్షణ అంటే ఈ మూడు పనులే.

మొదటి పని చేసే ఎంజైము కథ బాగుంటుంది. 1938లో కేంబ్రిడ్జ్‌లో మాన్, కైలిన్ అనే ఇద్దరు ఎద్దు రక్తంలోంచి రాగి ఉన్న ఒక నీలి ప్రొటీన్‌ని విడదీశారు. అది ఎందుకుందో తెలియలేదు. రాగిని దాచుకునే సంచీ కాబోలనుకుని వదిలేశారు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1969లో, అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జో మెకార్డ్ అనే విద్యార్థి, ఆయన గురువు ఇర్విన్ ఫ్రిడోవిచ్ కలిసి దాని పని చెప్పారు: అది రెండు సూపర్ఆక్సైడ్లను తీసుకుని ఒకదాన్ని ఆక్సిజన్‌గా, రెండోదాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. సూపర్ఆక్సైడ్ డిస్మ్యూటేజ్ అని పేరు పెట్టారు, ఎస్ఓడీ అని పిలుస్తారు. మైటోకాండ్రియా లోపల ఉండేది దీని వేరే రకం. అందులో రాగి బదులు మాంగనీసు ఉంటుంది. దాన్ని దగ్గరగా చూస్తే కణంలోని రాగి ఎంజైముకి ఏ పోలికా కనపడదు, బాక్టీరియాలో ఉండేదానికి మాత్రం తోబుట్టువులా ఉంటుంది. ఒకప్పుడు మైటోకాండ్రియా బాక్టీరియాగా బతికిన సంగతిని ఈ పోలిక పట్టిస్తుంది.

ఈ మాంగనీసు ఎంజైము ఎంత అవసరమో 1995లో ఎలుకల్లో తేలింది. దాని జన్యువు లేకుండా పుట్టించిన పిల్లలు పది రోజుల్లోపే, గుండె ఉబ్బి చచ్చిపోయాయి. కణద్రవంలో ఉండే రాగి ఎంజైము లేని ఎలుకలు మాత్రం పెరిగి పెద్దవయ్యాయి, ఆరోగ్యం అంతంతమాత్రమే అయినా. ఎక్కడ కారుతుందో అక్కడే కాపలా ఉండాలన్నది ఇక్కడే తెలుస్తుంది.

కాకపోతే ఎస్ఓడీ చేసింది సగం పనే. ఒక విషాన్ని తీసి ఇంకో విషాన్ని చేతిలో పెట్టింది. పెరాక్సైడ్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఎంజైము కాటలేజ్, పుండు మీద పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ తెప్పించేది. కానీ చాలా కణాల్లో అది మైటోకాండ్రియాలో ఉండదు, పెరాక్సిసోమ్ అనే వేరే గదిలో ఉంటుంది. మైటోకాండ్రియాలో ఈ పని ఎక్కువ భాగం పెరాక్సిరెడాక్సిన్-3 చేస్తుంది. దాని చేతిలో ఉన్న ఆయుధం గంధకం. ఒక గంధకం పెరాక్సైడ్‌ని పట్టి నీరు చేసి, ఆ పనిలో తను పక్కనున్న ఇంకో గంధకంతో కొక్కెం పడిపోతుంది. కొక్కెం పడ్డ ప్రొటీన్ ఇంకో పెరాక్సైడ్‌ని పట్టలేదు. థయోరెడాక్సిన్-2 వచ్చి ఆ కొక్కేన్ని తను తగిలించుకుని దీన్ని విడిపిస్తుంది. థయోరెడాక్సిన్‌ని సెలీనియం ఉన్న ఇంకో ఎంజైము విడిపిస్తుంది. ఆ ఎంజైముకి ఎలక్ట్రాన్లు ఎన్ఏడీపీహెచ్ ఇస్తుంది. చేతులు మారుతూ మారుతూ బరువు చివరికి ఎన్ఏడీపీహెచ్ మీద పడుతుంది. అది అయిపోతే ఈ వరసలో ఎన్ని ఎంజైములున్నా కొక్కేలు పడి ఊరికే నిలబడతాయి.

ఆ ఎన్ఏడీపీహెచ్ ఎక్కడిది? కొంత వేరే దారుల్లో వస్తుంది గానీ, ముఖ్యమైన దారుల్లో ఒకటి మైటోకాండ్రియా లోపలి పొరలోనే ఉన్న ఎన్ఎన్‌టీ అనే ఎంజైము. అది ప్రోటాన్ల ఒత్తిడిని వాడుకుని ఎన్ఏడీపీహెచ్ తయారుచేస్తుంది. కారడానికి కారణమైన ఒత్తిడే ఇక్కడ కారినదాన్ని తుడిచే గుడ్డకి ఖర్చు పెడుతోంది. ఇక్కడో పిట్టకథ: ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే బ్లాక్-6 ఎలుకల్లో, జాక్సన్ లాబొరేటరీ పెంచే జే శాఖకు ఈ ఎన్ఎన్‌టీ జన్యువు చెడిపోయి ఉంది. ఎన్ శాఖలో బాగానే ఉంది. రెండింటినీ ఒకటే అనుకుని పోల్చిన ప్రయోగాలు ఎన్నో ఉన్నాయి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ మీద ఎలుకల ప్రయోగం ఏది కంటపడినా నేను ముందు ఏ శాఖో వెతుకుతాను.

కణం ఇబ్బందిలో ఉందని ఎలా తెలుస్తుంది? చాలా ప్రయోగాల్లో ఆకుపచ్చగా వెలిగే డీసీఎఫ్ అనే రంగు పోసి, వెలుతురు పెరిగింది కాబట్టి రాడికల్స్ పెరిగాయని రాసేస్తారు. ఆ రంగు పెరాక్సైడ్‌తో నేరుగా దాదాపు కలవనే కలవదు, ఇనుము పెరిగినా వెలుగుతుంది. అంతకన్నా నమ్మదగ్గ సాక్షి పెరాక్సిరెడాక్సినే. కణాల్ని పగలగొట్టేటప్పుడే ఖాళీగా ఉన్న గంధకాలకు మూతపెట్టే రసాయనం కలిపి, కొక్కేలు విడిపించే మందు వేయకుండా జెల్ మీద పరిగెత్తిస్తే రెండు పట్టీలు కనిపిస్తాయి. కొక్కెం పడి జతకట్టినది బరువుగా పైన ఆగుతుంది, ఒంటరిది కిందికి దిగుతుంది. పై పట్టీ ఎంత ముదురుగా ఉంటే మైటోకాండ్రియాలో అంత పెరాక్సైడ్ తిరిగినట్టు. మూతపెట్టే రసాయనం మర్చిపోతే మాత్రం గాలి తగిలి కొక్కేలు వాటంతట అవే పడతాయి, అప్పుడు కనిపించేది కణం కష్టం కాదు, మన అజాగ్రత్త.

ఇప్పుడు గుండె దగ్గరికి వద్దాం. నాళం మూసుకుపోయింది, ఆక్సిజన్ రాదు. చివర్లో అందుకునేవాళ్లు లేక ఎలక్ట్రాన్లు వరసంతా నిండిపోతాయి. కణం ఏదో ఒక దారి వెతుక్కోవాలి కాబట్టి కొన్ని ఎలక్ట్రాన్లు సక్సినేట్ అనే చిన్న అణువులో పోగుపడతాయి. నిమిషాలు గడిచేకొద్దీ సక్సినేట్ రాశి పెరుగుతుంది. అదే సమయంలో ఇంకోటి జరుగుతుంది. ఉన్న ఏటీపీ ఖర్చయి ఏడీపీ అవుతుంది, ఏడీపీ ఇంకా విరిగి ఏఎంపీ, అడెనోసిన్ అయి కణం బయటికి పోతుంది. అంటే టర్బైనుకి వేయాల్సిన ముడిసరుకు కూడా లేకుండా పోతుంది. కేంబ్రిడ్జ్‌లో మైకేల్ మర్ఫీ, థామస్ క్రీగ్ బృందాలు, ఎడ్వర్డ్ చౌచానీ మొదటి రచయితగా, 2014లో ఇదంతా ఎలుక గుండెల్లో కొలిచి చూపించారు.

బెలూన్ ఉబ్బి రక్తం పారింది. ఆక్సిజన్ వచ్చింది. పోగుపడ్డ సక్సినేట్‌ని కాంప్లెక్స్ 2 ఆబగా కాల్చడం మొదలుపెడుతుంది, ఎలక్ట్రాన్లన్నీ క్యూ మీద ఎక్కేస్తాయి. కాంప్లెక్స్ 3, 4 ప్రోటాన్లను తోడిపోస్తాయి. కానీ టర్బైను తిరగాలంటే ఏడీపీ కావాలి, అది ఇంకా లేదు. దిగే దారి లేక ప్రోటాన్ల ఒత్తిడి నెత్తికెక్కుతుంది. ఒకపక్క కిక్కిరిసిన క్యూ, ఇంకోపక్క ఈ ఒత్తిడి. కిందికి దిగాల్సిన ఎలక్ట్రాన్లు కాంప్లెక్స్ 1 గుండా వెనక్కి, పైకి ఎక్కుతాయి. శ్రీశైలం ఎడమగట్టు కరెంటు కేంద్రం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: నీళ్లు దిగేటప్పుడు కరెంటు ఇచ్చే ఆ యంత్రాలకే కరెంటు ఇస్తే, కింది నీళ్లను తిరిగి పైకి తోడతాయి. కాంప్లెక్స్ 1 కూడా అలా రెండు వైపులా తిరిగే యంత్రమే. వెనక్కి ఎక్కిన ఎలక్ట్రాన్లు ఎఫ్ఎంఎన్ దగ్గర పోగుపడతాయి, అప్పుడే వచ్చిన ఆక్సిజన్ వాటిని ఒక్కొక్కటిగా ఎత్తుకుపోతుంది. మామూలుగా బొట్లుగా కారే సూపర్ఆక్సైడ్ ఇప్పుడు ధారకడుతుంది. ఎలుక గుండెలో అయిదు నిమిషాలు తిరిగేసరికి సక్సినేట్ మామూలు స్థాయికి దిగిపోయింది. జరగాల్సిందంతా ఆ అయిదు నిమిషాల్లోనే జరిగిపోయింది.

అంత వరదకి ఎస్ఓడీ చాలకపోదు, అది తన పని చేస్తూనే ఉంటుంది. కానీ చేసినంత పెరాక్సైడ్ దాని వెనకాల పేరుకుంటుంది. పెరాక్సిరెడాక్సిన్ల మీద కొక్కేలు వేగంగా పడతాయి, విడిపించేవాళ్లు వెనకబడతారు. పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే గంధకం మీద ఇంకో ఆక్సిజన్ కూడా ఎక్కి ప్రొటీన్ పూర్తిగా మొద్దుబారుతుంది. దాన్ని బాగుచేసే సల్ఫిరెడాక్సిన్ ఉంది గానీ దాని చేయి చాలా నెమ్మది. మరోపక్క కణంలోకి చొరబడ్డ కాల్షియం మైటోకాండ్రియాని నింపేస్తుంది. ఈ రెండూ కలిస్తే లోపలి పొరలో పెద్ద రంధ్రం తెరుచుకుంటుంది. ఒత్తిడి మాయమవుతుంది, ఏటీపీ తయారు కాదు, మైటోకాండ్రియా ఉబ్బి పగులుతుంది. కణం అక్కడితో సరి.

కణానికి ఇంకో రక్షణ ఉంది. ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్‌ని కీప్1 అనేది ఎప్పుడూ పట్టుకుని నాశనానికి పంపుతుంటుంది. కీప్1 మీదున్న గంధకాలకు ఆక్సీకరణ దెబ్బ తగిలితే పట్టు వదులుతుంది. ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి, గ్లూటాథయోన్, ఎన్ఏడీపీహెచ్ తయారుచేసే ఎంజైముల జన్యువుల్ని మేల్కొలుపుతుంది. మంచి ఏర్పాటే, కానీ కొత్త ప్రొటీన్లు తయారవడానికి గంటలు పడుతుంది. పొగకీ, రోజూ తినే ఘాటైన కూరలకీ సరిపోతుంది. అయిదు నిమిషాల వరదకి కాదు.

మరి విటమిన్ సీ, విటమిన్ ఈ బిళ్లలు? వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు, కారణం వేగం. సూపర్ఆక్సైడ్‌తో ఎస్ఓడీ కలిసే వేగంతో పోలిస్తే విటమిన్ సీ కొన్ని వేల రెట్లు నెమ్మది. విటమిన్ ఈ పని వేరు. అది పొరల్లోని కొవ్వు ఒకదాన్నుంచి ఒకటి అంటుకుంటూ పోయే మంటని మధ్యలో తెంపుతుంది. ఆ పనిలో అది గట్టిదే, కానీ మంట మొదలయ్యాకే. పైగా కొద్దిపాటి పెరాక్సైడ్ కణానికి కబురు కూడా. కీప్1 కథలో చూశాం కదా. 2009లో జర్మనీలో వ్యాయామం చేసే యువకులకు నాలుగు వారాలు రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సీ, 400 యూనిట్ల విటమిన్ ఈ ఇచ్చి చూస్తే, వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరులో రావాల్సిన మెరుగుదల వాళ్లలో రాలేదు, బిళ్లలు వేసుకోనివాళ్లలో వచ్చింది. కబురు మోసుకెళ్లేవాడిని దారిలోనే ఆపేసినట్టయింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన అధ్యయనం 1994లో వెలువడింది. అందులో బీటాకెరోటిన్ తిన్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చింది.

గుండె విషయంలో మరో రకం ఆలోచనే పనికొచ్చేలా ఉంది: పుట్టాక తుడవడం కాదు, పుట్టకుండా ఆపడం. మొదట ఆ రంధ్రాన్నే మూసి చూద్దామని సైక్లోస్పోరిన్ అనే మందుని గుండెపోటు రోగులకు ఇచ్చారు. 970 మందితో చేసిన ఆ పరీక్ష ఫలితం 2015లో వచ్చింది, లాభం కనిపించలేదు. రంధ్రమనేది వరసలో చివరి మెట్టు. మొదటి మెట్టు సక్సినేట్ కాలడం. దాన్ని కాసేపు ఆపగలిగేది మాలోనేట్ అనే చవకైన అణువు. సక్సినేట్‌లాగే కనిపించి కాంప్లెక్స్ 2లో దాని చోటులో కూర్చుంటుంది, కొద్దిసేపటికి లేచిపోతుంది. పందుల గుండెల్లో నాళం తెరిచేటప్పుడే దాన్ని లోపలికి పంపితే చచ్చిన కండరం తగ్గింది.

ఇందులో ముచ్చటైన సంగతి, అది లోపలికి దూరే దారి. మాలోనేట్‌కి ఆవేశం ఉంది కాబట్టి మామూలు గుండెకణంలోకి సులువుగా పోలేదు. రక్తం అందని కండరంలో మాత్రం ఆమ్లం పేరుకుపోయి ఉంటుంది. ఆ ఆమ్లంలో అది ఒక ప్రోటాన్‌ని తగిలించుకుని, లాక్టేట్‌ని మోసే ద్వారం గుండా లోపలికి జారుతుంది. అంటే మందు దెబ్బతిన్న చోటికే ఎక్కువగా చేరుతుంది, బాగున్న కండరాన్ని పెద్దగా తాకదు. కాకపోతే రక్తం పారిన కొన్ని నిమిషాలకే ఆ ఆమ్లం కొట్టుకుపోయి ద్వారం మళ్లీ మూసుకుంటుంది. సక్సినేట్ కాలిపోయేది కూడా ఆ కొన్ని నిమిషాల్లోనే. కాబట్టి బెలూన్ ఉబ్బే చేయి, సిరంజి నొక్కే చేయి ఒకేసారి కదలాలి.